పిల్లల కథకు మార్కులు వేయడమెలా?



ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతిదాకా చదివే పిల్లల తల్లులకు ఏడాదిలో ఒకసారైనా తప్పని పని ఒకటుంది. పిల్లవాడు ఒక కథ రాసి తెచ్చి, "అమ్మా, ఎలా ఉందో చెప్పు" అని చేతిలో పెడతాడు. లేదా కాలనీలో కథల పోటీ పెట్టి, "మీరు కాస్త జడ్జీగా కూర్చోండి" అంటారు. లెక్కల పేపరైతే చిక్కు లేదు. జవాబు వచ్చిందా, రాలేదా, అంతే. కథ దగ్గరకు వచ్చేసరికి మనకు చెయ్యి ఆడదు. "బాగుంది" అంటాం, లేదా ఎర్ర పెన్ను తీసి ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుతాం. ఈ రెండింటివల్లా ఆ పిల్లవాడికి తెలిసేది ఏమీ లేదు.

దీనికోసం బడుల్లో టీచర్లు వాడే సాధనం ఒకటుంది. రూబ్రిక్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు ఎర్రమన్ను అని అర్థమట. పూర్వం చేతిరాత పుస్తకాలలో శీర్షికలు, సూచనలు ఎర్రసిరాతో రాసేవారు, ఆ పేరే నిలిచిపోయింది. మనం తేలిగ్గా కొలబద్ద అనుకుందాం. కథలో ఏయే సంగతులు చూడాలి, ఒక్కొక్కదానిలో ఏ మెట్టు మీద ఉంటే ఎన్ని మార్కులు అన్నది ముందే మాటల్లో రాసిపెట్టుకున్న కాగితం అది. దాన్ని చక్కగా తయారు చేసుకోవడం ఎలాగో ఇవాళ చెప్పుకుందాం.

అసలు కాగితం ఎందుకు, చదివితే తెలియదా అంటారేమో. 1961లో అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే పరీక్షల సంస్థ ఈ సంగతే పరీక్షించి చూసింది. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు రాసిన 300 వ్యాసాలను 53 మందికి ఇచ్చారు. వారిలో పంతుళ్ళున్నారు, పత్రికలవాళ్ళున్నారు, లాయర్లున్నారు, వ్యాపారస్తులున్నారు. ఏం చూడాలో చెప్పలేదు. మీ తెలివిని బట్టి 9 కుప్పలుగా పెట్టండి అన్నారు, అంతే. తీరా చూస్తే నూటికి 94 వ్యాసాలు ఏడు గాని అంతకన్నా ఎక్కువ గాని వేరువేరు కుప్పల్లో పడ్డాయి! ఒకే కాగితం ఒకరికి అమోఘం, ఇంకొకరికి అధ్వాన్నం. వాళ్ళెవరూ తెలివితక్కువవాళ్ళు కాదు. విడదీసి చూస్తే తేలిందేమిటంటే, కొందరు భావాలనే చూశారు, కొందరు తప్పులనే లెక్కపెట్టారు, కొందరికి అమరిక ముఖ్యం, కొందరికి మాటల ఎంపిక, ఇంకొందరికి రాసిన తీరులోని సొగసు. అంటే ఎవరి తక్కెడ వారిది. మనింట్లో కూడా అంతే కదా! తండ్రి దస్తూరీ చూస్తాడు, బామ్మ నీతి ఉందా అని చూస్తుంది, అక్కయ్య నవ్వొచ్చిందా లేదా అని చూస్తుంది.

మొన్న మా కాలనీ మహిళా మండలి వారు పిల్లలకు కథల పోటీ పెట్టినప్పుడు ముగ్గురం జడ్జీలుగా కూర్చున్నాం. ఒకరు రిటైరైన తెలుగు పంతులమ్మగారు, ఒకరు బ్యాంకు ఉద్యోగిని, మూడో మనిషిని నేను. మొత్తం ఇరవై రెండు కథలు వచ్చాయి. పంతులమ్మగారు మొదటిరోజే ఒక మంచి మాట చెప్పారు. "తెల్లకాగితం ముందేసుకుని కొలబద్ద గీయకండి. ముందు కథలు చదవండి" అన్నారు. ఆవిడ చెప్పినట్టే ఎనిమిది కథలు తీసి, మార్కుల జోలికి పోకుండా, మూడు కుప్పలు పెట్టాం. చదివించినవి, పర్వాలేదనిపించినవి, విసుగు పుట్టించినవి. తరవాత ఒక్కొక్క కథకు, ఇది ఈ కుప్పలో ఎందుకు పడింది అని చిన్న చీటీ మీద రాశాం. "తర్వాత ఏమవుతుందో అనిపించింది", "ముసలాయన కళ్ళముందు కనబడ్డాడు", "హఠాత్తుగా ముగిసింది", "ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదు" ఇలాంటివి. ఆ చీటీలను ఒకచోట చేరిస్తే నాలుగు వరసలుగా సర్దుకున్నాయి.

మొదటి వరస, కథ నడక. అంటే ఎవరికో ఒక చిక్కో, కోరికో ఉండి, అది చివరికి ఏమైందన్న సంగతి. రెండోది మనుషులు, వాళ్ళ మాటలు. మూడోది కళ్ళకు కట్టడం, అంటే చోటు, వస్తువు, వాన, వాసన వంటివి. నాలుగోది భాష, రాత. పన్నెండేళ్ళ పిల్లవాడి కథకు ఈ నాలుగు చాలు. ఎనిమిదీ పదీ వరసలు పెడితే జడ్జీకి తల తిరుగుతుంది. పైగా ఒకే గుణం రెండు వరసల్లో దూరి రెండుసార్లు మార్కులు తెచ్చుకుంటుంది. దస్తూరీ, పేజీల సంఖ్య, అట్టమీద బొమ్మ, వీటికి మేము వరస పెట్టలేదు. అవి కథ కావు గనక. నీతికీ పెట్టలేదు. పాఠ్యపుస్తకాలు చదివిన పిల్లలు చివర "నీతి" అని ఒక వాక్యం రాయడం అలవాటు. అది ఉన్నందుకు మార్కు కలపనూ వద్దు, లేనందుకు తగ్గించనూ వద్దు.

ఇక మెట్లు. ఒక్కొక్క వరసకు నాలుగు మెట్లు పెట్టుకున్నాం. మూడో అయిదో పెడితే సరిగ్గా మధ్యది ఒకటి ఉంటుంది. సందేహం వచ్చినప్పుడల్లా చెయ్యి దానిమీదికే పోతుంది. నాలుగు పెడితే పైకో కిందికో ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

అసలు కష్టమంతా ఆ మెట్లకు మాటలు రాయడంలో ఉంది. చాలామంది "చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు" అని రాసి ఊరుకుంటారు. అది కొలబద్ద కాదు, అంకెల స్థానంలో మాటలు పెట్టడం. మెట్టు మీద రాసిన మాట చదివి, కథలో ఆ చోటును వేలుపెట్టి చూపించగలగాలి. అదీ పరీక్ష. పై మెట్టూ కింది మెట్టూ ముందు రాసి, తరవాత మధ్యవి రాస్తే పని తేలిక.

కథ నడకకు మేము రాసుకున్నది వినండి. నాలుగో మెట్టు: ఒకరికి ఒక చిక్కు గాని కోరిక గాని ఉంది, దానివల్ల చివరికి ఏదో మారింది, ఆ మార్పుకు కారణం కథలో ముందే కనిపించింది. మూడో మెట్టు: చిక్కు ఉంది, అది విడిపోయింది కూడా, కాని విడదీసింది ఎక్కడినుంచో వచ్చి పడింది. లాటరీ తగలడం, దేవత ప్రత్యక్షం కావడం, చివరకు "ఇదంతా కల" అనడం, ఈ బాపతు. రెండో మెట్టు: సంఘటనలు వరసగా ఉన్నాయి గాని చిక్కు లేదు. పొద్దున్న లేచాం, బస్సెక్కాం, జూ చూశాం, ఇంటికొచ్చాం. ఒకటో మెట్టు: ఒక సంఘటనకూ మరొకదానికీ అతుకు లేదు, ఎవరు ఏం చేశారో తెలియదు. చూశారా, ఇందులో "బాగుంది" అన్న మాట ఒక్కచోట కూడా రాలేదు.

మనుషుల వరసలో పై మెట్టు ఇది: ముఖ్యమైన మనిషి ఎలాంటివాడో చేసిన పని వల్లా, ఆడిన మాట వల్లా తెలుస్తుంది, ఒకరి మాట ఇంకొకరి నోట పెడితే అతకదు. మూడో మెట్టులో ఒకరిద్దరు అలా కనబడతారు, మిగిలినవాళ్ళు గుంపు. రెండో మెట్టులో "మంచివాడు, తెలివైనవాడు" అని చెప్పడమే గాని ఆ మంచితనం కనబడదు. అట్టడుగున పేర్లు మాత్రమే ఉంటాయి. ఇక్కడ పంతులమ్మగారు ఒక షరతు పెట్టించారు. సంభాషణలో పిల్లలు తమ ఇంటి మాట రాస్తే, అది తెలంగాణ మాటైనా, సీమ మాటైనా, శ్రీకాకుళం మాటైనా, తప్పుగా పట్టకూడదు. నిజానికి అవ్వ అవ్వలాగే మాట్లాడిందంటే అది ఈ వరసలో పైమెట్టుకు సాక్ష్యం.

కళ్ళకు కట్టే వరసలో పై మెట్టుకు, ఆ కథకే చెందిన వివరాలు కనీసం మూడు చూపగలగాలని రాసుకున్నాం. "అందమైన తోట, రంగురంగుల పూలు" అంటే ఏ కథలోనైనా ఇమిడిపోతుంది, దాన్ని లెక్కలో వేయలేదు. ఒకటో రెండో చూపగలిగితే మూడో మెట్టు. అందరూ వాడే వర్ణనలు మాత్రమే ఉంటే రెండు. వర్ణనే లేకపోతే ఒకటి.

భాష వరస దగ్గరే మా ముగ్గురికీ వాదన వచ్చింది. మొదట "తప్పులు తక్కువ" అని రాశాం. తక్కువంటే ఎన్ని? బ్యాంకావిడ అయిదు అన్నారు. అలాగైతే అరపేజీ రాసినవాడు గట్టెక్కుతాడు, మూడు పేజీలు సాహసించి రాసినవాడు మునుగుతాడు. అందుకని లెక్క మాని, చదివేటప్పుడు ఎన్నిచోట్ల ఆగి వెనక్కి వెళ్ళవలసి వచ్చిందో చూద్దామన్నాం. ఎక్కడా ఆగకపోతే నాలుగు. ఒకటి రెండు చోట్ల ఆగితే మూడు. అంతకన్నా ఎక్కువైతే రెండు. అర్థం ఊహించుకోవలసి వస్తే ఒకటి. ఒక ఒత్తు పోయినంత మాత్రాన చదువు ఆగదు. కాని మొదట "నేను వెళ్ళాను" అని మొదలుపెట్టి మధ్యలో "రాము వెళ్ళాడు" అన్నాడనుకోండి, రాము ఎవరా అని ఆగుతాం.

ఆఖరుకు తూకం. కథల పోటీ గనక కథ నడకకు వచ్చిన మెట్టును రెట్టింపు చేయాలనుకున్నాం. కాబట్టి నడకకు 8, మిగిలిన మూడింటికీ నాలుగేసి, వెరసి 20. ఇదేమీ శాసనం కాదు. బడిలో ఆ వారం సంభాషణలు నేర్పి ఉంటే రెట్టింపు రెండో వరసకు ఇవ్వొచ్చు. నేర్పినదానికే తూకం ఎక్కువుండాలి.

ఇప్పుడు రెండు కథలు తూచి చూద్దాం. పేర్లు కనబడకుండా అంకెలు వేశాం. ఏడో నెంబరు కథ పేరు "నల్ల గొడుగు". సరళ అనే పిల్ల తాతగారి పాత గొడుగు పట్టుకుని బడికి వెళుతుంది. పిల్లలు నవ్వుతారు. బస్‌స్టాపు పక్కన టీకొట్టాయన మాత్రం రోజూ ఆ గొడుగు చూసి, "ఇది నా దగ్గరుంటే వానకు నా పొయ్యి ఆరదు" అంటుంటాడు. ఒకరోజు సిగ్గుపడి ఆ పిల్ల గొడుగును బస్‌స్టాపులో కావాలనే వదిలేస్తుంది. సాయంత్రం జోరువాన. తాతగారు తడుచుకుంటూ వచ్చి, "గొడుగు పోతే పోయింది, నువ్వు తడవలేదు కదా" అంటాడు, అంతే. మర్నాడు వెళ్ళి చూస్తే టీకొట్టు పొయ్యిమీద గొడుగు కట్టి ఉంది. టీకొట్టాయన విప్పి ఇస్తాడు. చివర "నీతి: పెద్దల వస్తువులు పారవేయరాదు." కథ నిండా తప్పులు. గొడుగు "గోడుగు", వర్షం "వర్శం", భయం "బయం". పేరాలు లేవు. మూడుచోట్ల సరళ కాస్తా "నేను" అయిపోయింది.

కొలబద్ద లేకుండా మొదట ఎవరికి తోచిన మార్కు వారం వేశాం. పంతులమ్మగారు 9, బ్యాంకావిడ 13, నేను 17. ఎనిమిది మార్కుల తేడా! ఇప్పుడు వరసలవారీగా చూడండి. పిల్లకు సిగ్గు అనే చిక్కు ఉంది, చివరికి మనసు మారింది. గొడుగు దొరకడానికి కారణమైన టీకొట్టాయన ముందే కథలోకి వచ్చాడు. నాలుగో మెట్టు, రెట్టిస్తే 8. తాతగారు ఒక్క మాటతో కనబడ్డాడు, టీకొట్టాయన కనబడ్డాడు, నవ్విన పిల్లలు మాత్రం గుంపే. 3. గొడుగు పిడి వంపు దగ్గర రంగుపోయి చెక్క కనబడేదని ఒకచోట రాసింది, పొయ్యిమీద గొడుగు కట్టి ఉండటం ఇంకొకటి. రెండు సొంత వివరాలు గనక 3. ఎవరు చెబుతున్నారో తెలియక మూడుచోట్ల ఆగాం, భాషకు 2. మొత్తం 16. ఈసారి ముగ్గురం విడివిడిగా వేస్తే 15, 16, 16 వచ్చాయి.

పద్నాలుగో నెంబరు కథ పేరు "అడవిలో స్నేహం". ముత్యాల్లాంటి రాత. ఒక్క తప్పు లేదు. కుందేలు, జింక స్నేహితులు, సింహం పట్టుకుంటుంది, వనదేవత వచ్చి కాపాడుతుంది. తోచినట్టు వేసినప్పుడు పంతులమ్మగారు దీనికి 17 ఇచ్చారు. కొలబద్ద మీద చూస్తే, చిక్కు ఉంది గాని వనదేవత ఎక్కడినుంచో ఊడిపడింది. 3, రెట్టిస్తే 6. కుందేలు మంచిది, జింక మంచిది అని చెప్పడమే గాని చూపలేదు, 2. వర్ణన ఒక్కటీ లేదు, 1. భాషకు పూర్తిగా 4. మొత్తం 13. పంతులమ్మగారు కళ్ళజోడు సర్దుకుని, "ఇన్నాళ్ళూ దస్తూరీకి మార్కులు వేశానన్నమాట" అని నవ్వారు.

మార్కులు వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఒక కథను నాలుగు వరసల్లోనూ ఒక్కసారే తూచేయకండి. మొదటి వరసలో నాలుగు ఇచ్చిన చెయ్యి రెండో వరసలో కూడా నాలుగు వైపే వాలుతుంది. అన్ని కథలనూ ముందు నడకకు మాత్రమే చూసి పక్కన పెట్టి, తిరిగి మొదటినుంచీ మనుషులకోసం చూడాలి. కాలం ఎక్కువ పడుతుంది గాని తూకం సమంగా ఉంటుంది. రెండోది, ఇద్దరు విడిగా వేసినప్పుడు ఒక్క మెట్టు తేడా సహజమే. రెండు మెట్ల తేడా వచ్చిందంటే పోట్లాడుకోకుండా కొలబద్దలో ఆ వరస మాటలు మళ్ళీ చదవండి. సాధారణంగా లోపం అక్కడే దొరుకుతుంది. కళ్ళకు కట్టే వరసలో మొదట "వివరాలు బాగా ఉన్నాయి" అన్నప్పుడు మాకు ఒకరు 2, ఒకరు 4 వేశాం. "ఆ కథకే చెందిన వివరాలు మూడు" అని మార్చాక ఆ తేడా పోయింది.

కొలబద్దకూ హద్దులున్నాయి. మా పోటీలోనే ఒక పిల్ల అమ్మకు ఉత్తరంలాగా కథ రాసింది. అందులో చిక్కు విడిపోనే లేదు. నడకలో రెండో మెట్టుకు మించి రాదు, కాని ముగ్గురం రెండేసిసార్లు చదివాం. అలాంటివాటికోసం కాగితం అడుగున ఒక ఖాళీ గీత వదిలి, "వరసల్లో ఇమడని విశేషం" అని రాసుకున్నాం. దానికి అంకె లేదు, చర్చించి ప్రత్యేక బహుమతి ఇచ్చాం. కథను కొలబద్దకు సరిపెట్టడానికి నరకడం మాత్రం కూడని పని. అలాగే కొలబద్దను ఏళ్ళతరబడి మార్చకుండా వాడితే పిల్లలు దానికి తగ్గట్టే రాయడం మరుగుతారు. ప్రతి కథలోనూ లెక్కగా మూడు వివరాలు, ముందే ఒక టీకొట్టాయన! అది కనిపించిందంటే వరసలు మార్చవలసిన రోజు వచ్చిందన్నమాట.

ఇంట్లో ఒక్క పిల్లవాడి కథ కోసమైతే అంకెలు అక్కరలేదు. వరసలను ప్రశ్నలుగా మార్చి, రాయకముందే వాడికి చెప్పండి. "ఎవరికి ఏం కావాలి? అదెందుకు కష్టమైంది? చివరికి ఏం మారింది? ఎవరు మాట్లాడారో పేరు తీసేసినా తెలుస్తుందా? మన వీధిలో తప్ప ఇంకెక్కడా లేని వస్తువు ఒకటి ఉందా?" రాసి తెచ్చాక ఒకే ఒక్క వరస ఎంచుకుని, పై మెట్టుకు ఏం కావాలో చెప్పండి. "నల్ల గొడుగు" రాసిన పిల్లకు మేము చెప్పింది ఇంతే: "మొదటినుంచి చివరిదాకా సరళే ఉండనీ, లేదా మొదటినుంచీ నువ్వే ఉండు." ఒత్తులు దిద్దలేదు. వారం తరవాత తిరగరాసి తెచ్చింది. అంతటా "నేను" అని ఉంది. "వర్శం" ఇంకా అలాగే ఉంది, దాని సంగతి వచ్చే కథలో చూసుకుందాం.